హిందీ ఫారం నింపడం ఎలా: ‘శిక్షా విభాగ్’ నుంచి ‘హస్తాక్షర్’ దాకా

పని కోసం ఉత్తరాదికి వెళ్లిన తెలుగు కుటుంబానికి హిందీ మాట్లాడటం ఆరు నెలల్లో వచ్చేస్తుంది. కూరగాయలవాడితో బేరం ఆడగలరు, ఆటోవాడితో గొడవ పడగలరు. అదే మనిషి చేతికి ప్రభుత్వ ఫారం ఒకటి ఇస్తే మాత్రం నోరు పెగలదు. బజారులో సంతకాన్ని ‘దస్తఖత్’ అనో, మనలాగే ‘సైన్’ అనో అంటారు. ఫారంలో ‘హస్తాక్షర్’ అని ఉంటుంది. దీనికి కారణం ఉంది. హిందీకి కొత్త మాటలు కావలసినప్పుడు ముందుగా సంస్కృతం నుంచి తీసుకోవాలని రాజ్యాంగం 351వ అధికరణమే చెప్పింది. అందుకే ఆఫీసు హిందీ సంస్కృతం బరువుతో ఉంటుంది.

అది మనకు కలిసొచ్చేదే కదా, తెలుగులోనూ సగం సంస్కృతమే కదా అనిపిస్తుంది. చాలావరకు నిజమే. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. అసలు తెలియని మాట కనిపిస్తే ఎవరినైనా అడుగుతాం. తెలిసినట్టు కనిపించే మాటను అడగం, మన అర్థంతో నింపేస్తాం. ఫారాలు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఇలాంటి మాటల దగ్గరే.

ఒక ఫారం తీసుకుని పైనుంచి కిందికి నింపుతూ వెళదాం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి భోపాల్ వెళ్లిన ఒక తండ్రి తన కూతుర్ని అక్కడి ప్రభుత్వ బడిలో మూడో తరగతిలో చేర్చాలి. ఫారం మొత్తం హిందీలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల ఫారాలు హిందీ, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉండాలని 1976 నాటి అధికార భాషా నియమాలు చెబుతున్నాయి కాబట్టి అక్కడ ఇంగ్లీషు చూసుకుని నెగ్గుకు రావచ్చు. హిందీ రాష్ట్రాల సొంత ఫారాలకు ఆ నియమం వర్తించదు. మీరు బడిలో రెండో భాషగా హిందీ చదివారని, అక్షరాలు కూడబలుక్కోగలరని అనుకుని చెబుతున్నాను.

ముందు పెన్ను పక్కన పెట్టి తలకట్టు చదవండి. ‘మధ్యప్రదేశ్ శాసన్, స్కూల్ శిక్షా విభాగ్’ అని ఉంటుంది. ఇక్కడ శాసన్ అంటే ప్రభుత్వం, శిక్షా అంటే చదువు. ఎవరినీ శిక్షించే శాఖ కాదు. కింద ‘ప్రవేశ్ హేతు ఆవేదన్ పత్ర్’ అంటే ప్రవేశం కోసం దరఖాస్తు. హేతు అంటే ఇక్కడ ‘కోసం’ అని మాత్రమే, కారణం రాయమని కాదు. ఆవేదన్ అంటే దరఖాస్తు, ఆవేదక్ అంటే దరఖాస్తుదారు. మన ఆవేదనకూ దీనికీ సంబంధం లేదు (ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాక ఏర్పడుతుందేమో). ‘సత్ర’ పక్కన విద్యా సంవత్సరం రాయాలి, 2025-26 లాగా. ‘కక్షా’ అంటే తరగతి. మన తండ్రి అక్కడ 3 అని రాస్తాడు.

తర్వాత ఫారం అంతా ఒకసారి తిరగేసి, మీరు ముట్టుకోకూడని భాగం ఏదో గుర్తు పెట్టుకోండి. ‘కేవల్ కార్యాలయ్ కే ఉపయోగ్ హేతు’ అని ఒక గీత కిందో, డబ్బాలోనో ఉంటుంది. కార్యాలయం వాడకానికి మాత్రమే అని అర్థం. ‘ప్రవేశ్ క్రమాంక్’ లాంటివి అందులో ఉంటాయి. క్రమాంక్ అంటే నంబరు. ఇదే మాట పైన ‘మొబైల్ క్రమాంక్’ అని వస్తే అది మీరు నింపాలి, కింద ప్రవేశ్ క్రమాంక్ అని వస్తే బడివాళ్లు నింపుకుంటారు. అలాగే పైన చిన్న అక్షరాల్లో ఉండే సూచనలు వదిలేయకండి. ‘జో లాగూ న హో ఉసే కాట్ దే’ అంటే వర్తించనిదాన్ని కొట్టేయండి అని. చాలామంది సరైనదాని చుట్టూ సున్నా చుడతారు. కొట్టేయమన్నచోట కొట్టేయాలి, ‘నిశాన్ లగాయే’ అన్నచోట టిక్కు పెట్టాలి.

ఇంగ్లీషులో నింపవచ్చా అనే సందేహం ముందే తీర్చుకోవడం మంచిది. కౌంటర్ దగ్గర ‘క్యా మై యే ఫార్మ్ అంగ్రేజీ మే భర్ సక్తా హూ?’ అని అడగండి. ఆడవాళ్లయితే ‘సక్తీ హూ’. సరే అంటే ‘బడే అక్షరోం మే’, అంటే పెద్ద బడి అక్షరాల్లో నింపండి. అంకెల గురించి టెన్షన్ అక్కర్లేదు. కేంద్ర అధికార వ్యవహారాలకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమే వాడాలని 343వ అధికరణం చెబుతోంది. అవి మనం రోజూ రాసే 1, 2, 3లే. రాష్ట్ర కార్యాలయాల్లోనూ అవి అందరికీ అలవాటే.

ఇక పేర్లు. ‘ఛాత్ర్/ఛాత్రా కా నామ్’ అంటే విద్యార్థి లేక విద్యార్థిని పేరు. ఇక్కడ కా, కే, కీ అనేవి మన ‘యొక్క’ లాంటివి. వాటికి ముందున్న మాట ఎవరిదో చెబుతుంది, తర్వాతి మాట ఏం కావాలో చెబుతుంది. ‘పితా కా నామ్’, ‘మాతా కా నామ్’, ‘అభిభావక్ కా నామ్’ అన్నీ ఇదే పద్ధతి. అభిభావక్ అంటే సంరక్షకుడు. తల్లిదండ్రులతో ఉండే పిల్లకు అక్కడ తండ్రి పేరే మళ్లీ రాస్తే సరిపోతుంది. పేరును మూడు గదులుగా విడగొట్టి అడిగితే చివరి గది ‘ఉపనామ్’ ఇంటిపేరుకు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, పైగా దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. గదులు లేకపోతే ఆధార్‌లో ఎలా ఉంటే అలా, అదే వరుసలో దించేయండి. గదులుంటే ఇంటిపేరును పూర్తిగా చివర రాయండి.

చదివేటప్పుడు కళ్లు మోసపోయే చోటు ఇది. పతా, పితా, పతి అనే మూడు మాటలకూ హిందీలో పకారం, తకారమే ఆధారం. గుడులు మాత్రమే తేడా. పతా అంటే చిరునామా, పితా అంటే తండ్రి, పతి అంటే భర్త. హిందీలో హ్రస్వ ఇకారం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన, అంటే ముందే వచ్చి నిలబడుతుంది. పలికేది మాత్రం అక్షరం తర్వాత. మనకు గుడి అక్షరం నెత్తిన ఉండటం అలవాటు కాబట్టి గబగబా చదివితే ఆ గుర్తును పక్క అక్షరానికి తగిలించేస్తాం. మాట మొదట్లోనే, పకారానికి ముందు ఆ కొక్కెం కనిపిస్తే పితా. రెండక్షరాల మధ్య కనిపిస్తే పతి. కొక్కెం అసలు లేకపోతే పతా. పెద్దల ఫారాల్లో ‘పితా/పతి కా నామ్’ అని కలిపి అడుగుతారు. పెళ్లయినవాళ్లు ఏ పేరు రాస్తే దానికి తగ్గట్టు రెండోదాన్ని కొట్టేయాలి.

‘జన్మ తిథి’ అంటే పుట్టిన తేదీ. పంచాంగం తీయకండి, మామూలు తేదీ చాలు. దీన్ని రెండుసార్లు అడుగుతారు: ‘అంకోం మే’ అంటే అంకెల్లో, ‘శబ్దోం మే’ అంటే మాటల్లో. మన పాప 2017 జూన్ 29న పుట్టిందనుకుందాం. అంకెల్లో 29-06-2017. మాటల్లో ‘ఉన్‌తీస్ జూన్ దో హజార్ సత్రహ్’. ఇక్కడ ఉన్నీస్‌కీ ఉన్‌తీస్‌కీ తేడా చూసుకోవాలి. ఉన్నీస్ అంటే 19, ఉన్‌తీస్ అంటే 29. బడి రిజిస్టరులో ఒకసారి తప్పు ఎక్కితే అదే తేదీ ముందు ముందు మార్కుల పత్రాల్లోకీ పోతుంది, దిద్దించుకోవడం పెద్ద పని. హిందీ అంకెల పేర్లలో నమ్మకం లేకపోతే మాటల్లో రాసేది ఇంగ్లీషులోనే రాయనివ్వమని అడగడం మేలు.

దాని పక్కనే ‘ఆయు’ ఉండొచ్చు. ఆయు అంటే వయసు. ఇంకాస్త కిందికి వెళితే ‘ఆయ్’ వస్తుంది, అంటే ఆదాయం. హిందీలో రెండింటికీ తేడా యకారం కింద వేలాడే చిన్న కొమ్ము ఒక్కటే. జిరాక్సు మీద జిరాక్సు తీసిన ఫారంలో ఆ కొమ్ము మసకబారి పోతుంది. అప్పుడు చుట్టూ చూడాలి. ముందు ‘వార్షిక్’ అనో ‘మాసిక్’ అనో ఉంటే ఆదాయం. పక్కన ‘వర్ష్, మాహ్’ అని ఖాళీలుంటే వయసు, సంవత్సరాలూ నెలలూ రాయాలి.

ఇప్పుడు అసలైన చోటు, ‘పితా కా వ్యవసాయ్’. దీన్ని చూసి మన తండ్రికి ఊళ్లో ఉన్న ఎకరంన్నర గుర్తొచ్చి వరి అని రాయబోతాడు. హిందీలో వ్యవసాయ్ అంటే వృత్తి, చేసే పని. ఆయన భోపాల్‌లో తాపీ పని చేస్తుంటే అక్కడ ‘రాజ్ మిస్త్రీ’ అని రాయాలి. ఎక్కడైనా ఉద్యోగం అయితే ‘నౌకరీ’, కూలి పని అయితే ‘మజ్‌దూరీ’. మన వ్యవసాయాన్ని వాళ్లు ‘కృషి’ అంటారు. ‘ఉపాధి’ అని కనిపిస్తే అదీ పని కాదు, చదువు పూర్తయ్యాక వచ్చే డిగ్రీ. రెండు మాటలూ సరిగ్గా తిరగబడ్డాయి చూడండి. మనం పని అనుకునేది వాళ్లకు పట్టా, మనం సాగు అనుకునేది వాళ్లకు పని.

‘పరివార్ కీ కుల్ వార్షిక్ ఆయ్’ అన్న వరుసలో కుల్ అంటే మొత్తం. కులం కాదు. కుటుంబం మొత్తం ఏడాది ఆదాయం అడుగుతున్నారు. తండ్రికి నెలకు 15,000 వస్తే, ఇంకెవరి సంపాదనా లేకపోతే, 1,80,000 రాయాలి. మాటల్లో అడిగితే ‘ఏక్ లాఖ్ అస్సీ హజార్’. నెల జీతమే రాసేసే వాళ్లు ఎక్కువ. అలా రాస్తే జతచేసిన ఆదాయ ధృవపత్రంలోని అంకెకూ దీనికీ పొంతన ఉండదు, గుమాస్తా వెంటనే పట్టేస్తాడు.

కులం అడిగే గది పేరు ‘జాతి’. భారతీయ అని రాసే చోటు అది కాదు, అది ‘రాష్ట్రీయతా’ దగ్గర రాయాలి. ఎందుకంటే హిందీలో రాష్ట్ర్ అంటే దేశం. మన రాష్ట్రాన్ని వాళ్లు ‘రాజ్య’ అంటారు. కాబట్టి రాష్ట్రీయతా దగ్గర ఆంధ్రా అని రాస్తే తప్పు, రాజ్య దగ్గర ఆంధ్రప్రదేశ్ అని రాస్తే ఒప్పు. జాతి పక్కనే ‘వర్గ్’ ఉంటుంది, ఏ కేటగిరీ అని. సామాన్య అంటే ఓసీ, ‘అన్య పిఛ్‌డా వర్గ్’ అంటే బీసీ, ‘అనుసూచిత్ జాతి’ అంటే ఎస్సీ, ‘అనుసూచిత్ జనజాతి’ అంటే ఎస్టీ. పొడి అక్షరాల్లో చివరి రెండూ అ.జా., అ.జ.జా. అని వస్తాయి, మధ్యలో ఒక్క ‘జ’ తేడా. టిక్కు పెట్టేముందు ఆ అక్షరం లెక్కపెట్టండి. ఇంకో మాట, మన రాష్ట్రంలో ఇచ్చిన కుల ధృవపత్రంతో వేరే రాష్ట్రం రిజర్వేషన్లు మామూలుగా రావు. కులం దాచనక్కర్లేదు, అలాగని ఈ గది మీద పెద్ద ఆశలూ పెట్టుకోనక్కర్లేదు.

మధ్యప్రదేశ్ ఫారంలో ‘సమగ్ర ఐడీ’ అని ఒకటి అడుగుతారు. ఇది మామూలు మాట కాదు, ఆ రాష్ట్ర ప్రభుత్వం కుటుంబాలకు ఇచ్చే నంబరు పేరు. కుటుంబానికి 8 అంకెలు, ఒక్కొక్క సభ్యుడికి 9 అంకెలు ఉంటాయి. కొత్తగా వెళ్లినవాళ్లకు ఉండదు. అక్కడ ఆధార్ నంబరు కుక్కేయకుండా ఖాళీగా వదిలి, ఇంకా లేదని నోటితో చెప్పి, ఎక్కడ చేయించుకోవాలో ఆఫీసులోనే అడగండి.

చిరునామాలు రెండు. ‘స్థాయీ పతా’ చూడగానే మనకు లెవెల్ గుర్తొస్తుంది. స్థాయీ అంటే స్థిరమైనది, శాశ్వతమైనది. ‘చిరస్థాయిగా నిలిచింది’ అంటామే, ఆ స్థాయి అన్నమాట. కాబట్టి ఇక్కడ సొంతూరి చిరునామా రాయాలి. ‘వర్తమాన్ పతా’ అంటే ఇప్పుడుంటున్న చిరునామా, అంటే భోపాల్ అద్దె ఇల్లు. కొన్ని ఫారాల్లో దీన్నే ‘అస్థాయీ పతా’ అంటారు. మొదట ఒక్క ‘అ’ చేరితే అర్థం తిరగబడిపోతుంది కనుక మాటను మొదటి అక్షరం నుంచి చదవాలి. ‘పత్రాచార్ కా పతా’ అంటే ఉత్తరాలు పంపాల్సిన చిరునామా. ఉత్తరం ఎక్కడికొస్తే మీ చేతికి అందుతుందో అదే రాయండి. రెండు చిరునామాలూ ఒకటే అయినవాళ్లు రెండోచోట ‘ఉపరోక్తానుసార్’ అని రాయొచ్చు, పైన చెప్పినట్టే అని.

మన తండ్రి స్థాయీ పతా ఇలా నింపుతాడు. ‘మకాన్ సంఖ్యా’ దగ్గర ఇంటి నంబరు. ‘గ్రామ్/మోహల్లా’ దగ్గర ఊరు లేదా వీధి, పేట. ‘డాక్‌ఘర్’ దగ్గర తపాలా ఆఫీసు ఉన్న ఊరు. ‘థానా’ దగ్గర పోలీస్ స్టేషన్, అంటే టెక్కలి. ఏదో కేసు ఉందేమో అడుగుతున్నారని కంగారుపడొద్దు. ఉత్తరాది చిరునామాల్లో థానా పేరు మామూలుగా రాస్తారు. ‘తహసీల్’ దగ్గర కొందరు ఆగిపోతారు. ఆంధ్రలో 1985 నుంచి ఉన్నవి మండలాలు, వాటి అధికారి తహసీల్దారు. కాబట్టి మండలం పేరు, మళ్లీ టెక్కలి. ‘జిలా’ శ్రీకాకుళం, ‘రాజ్య’ ఆంధ్రప్రదేశ్, చివర పిన్ కోడ్. ఒకే ఊరి పేరు మూడు గదుల్లో రావడం తప్పేమీ కాదు.

‘సంలగ్న్ దస్తావేజ్’ అంటే జతచేసిన పత్రాలు. దస్తావేజు అనగానే పొలం కాగితాలు అడుగుతున్నారనుకోకండి. ఏ పత్రమైనా వాళ్లకు దస్తావేజే. ‘ఛాయాప్రతి’ అంటే జిరాక్సు, ‘మూల్ ప్రతి’ అంటే ఒరిజినల్, ‘స్వప్రమాణిత్’ అంటే జిరాక్సు మీద మీరే సంతకం చేసి ఇవ్వడం. జాబితాలో ‘స్థానాంతరణ్ ప్రమాణ్ పత్ర్’ అంటే టీసీ. పాత బడి నుంచి టీసీ ఇంకా రాలేదని చేర్చుకోకపోతే, టీసీ ఆలస్యాన్ని సాకుగా చూపి ప్రవేశం ఆపకూడదని 2009 విద్యా హక్కు చట్టం ఐదో సెక్షన్‌లో ఉందని గుర్తుచేయండి. గట్టిగా అరవనక్కర్లేదు, ‘ఆర్టీఈ’ అన్న మూడక్షరాలు చాలు.

చివరి పేజీలో ‘ఘోషణా’ ఉంటుంది, అంటే ప్రమాణంగా చెప్పే మాట. ‘మై ఘోషణా కర్తా/కర్తీ హూ కి మేరే పుత్ర్/పుత్రీ కే సంబంధ్ మే దీ గయీ జానకారీ సత్య హై’ ఇలా సాగుతుంది. నా కొడుకు లేక కూతురి గురించి ఇచ్చిన వివరాలు నిజమని చెబుతున్నాను అని. దాని కింద, అబద్ధమని తేలితే ప్రవేశం ‘నిరస్త్’ అవుతుందని ఉంటే, రద్దవుతుందని అర్థం. ఇక్కడ రెండు కొట్టివేతలున్నాయి, రెండూ వేర్వేరు మనుషులవి. కర్తా అనేది మగవాళ్లు, కర్తీ అనేది ఆడవాళ్లు చెప్పుకునేది. సంతకం చేసేది తండ్రి కనుక ‘కర్తీ’ కొట్టేయాలి. చేరేది కూతురు కనుక ‘పుత్ర్’ కొట్టేయాలి. పాప ఫారం కదా అని రెండుచోట్లా మగరూపమే కొట్టేస్తే, తండ్రి తానే ఆడమనిషినని రాసిచ్చినట్టవుతుంది.

ఇక హస్తాక్షర్, అంటే సంతకం. మాట తేలికే. కష్టమంతా ఎవరి సంతకం అన్నదే, ఎందుకంటే ఒకే పేజీలో అది నాలుగుచోట్ల ఉండొచ్చు. ఇందాకటి ‘కే’ సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. ‘పితా/అభిభావక్ కే హస్తాక్షర్’ దగ్గర తండ్రి పెడతాడు. ‘ఆవేదక్ కే హస్తాక్షర్’ అంటే దరఖాస్తుదారు సంతకం. చిన్నపిల్లల విషయంలో అదీ తండ్రే. ‘సాక్షీ కే హస్తాక్షర్’ అంటే సాక్షి సంతకం, అది మీరు పెడితే చెల్లదు. ‘ప్రధానాచార్య కే హస్తాక్షర్’, ‘సక్షమ్ అధికారీ కే హస్తాక్షర్’ అనే చోట్లను ముట్టుకోకూడదు. అవి ప్రిన్సిపాలువి, అధికారం ఉన్న ఆఫీసరువి. ‘హస్తాక్షర్ ఏవం ముహర్’ అని ఉంటే సంతకంతో పాటు సీలు కూడా అని అర్థం. సీలు మాట కనిపిస్తే ఆ చోటు సాధారణంగా మీది కాదు. వేలిముద్ర వేసేవాళ్లు ‘అంగూఠే కా నిశాన్’ అన్నచోట వేయాలి. ముందు ‘బాయే’ అని ఉంటే ఎడమ బొటనవేలు. సందేహం ఉంటే ‘యహా కిస్‌కే హస్తాక్షర్ హోంగే?’ అని అడిగి పెట్టండి. తప్పుచోట పెట్టిన సంతకం కొట్టేస్తే మళ్లీ కొత్త ఫారం నింపమంటారు.

సంతకం పక్కన రెండు చిన్న ఖాళీలుంటాయి. ‘దినాంక్’ అంటే సంతకం చేసిన రోజు తేదీ, పుట్టిన తేదీ కాదు. ‘స్థాన్’ అంటే సంతకం చేస్తున్న ఊరు, అంటే భోపాల్. స్థాయీ, స్థాన్ ఒకేలా ఉన్నాయని ఇక్కడ టెక్కలి రాసేవాళ్లున్నారు.

ఇచ్చేముందు మొత్తం ఫారాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇచ్చాక ‘పావతీ’ అడగండి. అది అందినట్టు ఇచ్చే రసీదు. ఒక్కోసారి ఫారం అడుగునే చుక్కల గీత కింద ముక్కలా ఉంటుంది, దాన్ని చించి తేదీ, నంబరు వేసి ఇస్తారు. మర్నాడు ఆ కౌంటర్‌లో వేరే మనిషి ఉన్నా, దాని మీది నంబరు చూపిస్తే మీ ఫారం ఎక్కడుందో వెతికి చెప్పగలరు.